అమోఘం అంటే ఏ రుచండీ?

నోరూరించే, అమోఘమైన, మైమరపించే, అమ్మ చేతి వంట. విజయవాడలో కొత్తగా ఏ హోటలు తెరిచినా, వాళ్ళు పెట్టే మెనూ పోస్టులో ఈ నాలుగూ ఉండాల్సిందే. పక్కనున్నది ఉలవచారైనా, గోబీ మంచూరియా అయినా మాటలు మాత్రం మారవు. అన్నిటికీ అతికే మాట దేని గురించీ ఏమీ చెప్పదు కదండీ. అమోఘం అంటే పులుపా, కారమా, వగరా? షడ్రుచుల్లో దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?

మేం బీఏలో అలంకారాలు చదువుకునేటప్పుడు అతిశయోక్తి అందరికీ ఇట్టే వచ్చేసేది. స్వభావోక్తి దగ్గరే చేతులెత్తేసేవాళ్ళం. ఉన్నదాన్ని ఉన్నట్టుగా, కళ్ళకి కట్టేలా చెప్పడం స్వభావోక్తి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, రాయబోతే తెలుస్తుంది. అతిశయోక్తికి పదార్థాన్ని చూడక్కర్లేదు, స్వభావోక్తికి గిన్నె దగ్గర నిలబడాలి, గరిటె పట్టుకుని రుచి చూడాలి.

మా తోటికోడలి కొడుకు ఈ మధ్య పటమటలో చిన్న హోటలు తెరుస్తూ, "పిన్నీ, తెలుగు చదువుకున్నావుగా, ఈ మెనూ కాస్త దిద్దిపెట్టవా" అని వాట్సాపులో పంపాడు. ఉలవచారు పక్కన ఇలా ఉంది: "మన కృష్ణా జిల్లా అసలు సిసలు ఉలవచారు, నూటికి నూరుపాళ్ళు సంప్రదాయం, షుగరుకి దివ్యౌషధం."

ఇందులో ఒక్క రుచి లేదు చూడండి. మరి ఉలవచారులో రుచులకి కొదవా? ఉలవలు రాత్రంతా నానబెట్టి, మర్నాడు నీళ్ళెక్కువ పోసి గంటల తరబడి ఉడికించి, ఆ కట్టు వంచుకుంటాం. పూర్వం మా ఊళ్ళో ఉడికిన ఉలవలు ఎడ్లకి, కట్టు మనుషులకి. ఆ కట్టులో చింతపండు పులుసు పోసి, సన్నసెగన మరగబెడుతూ పోతే రంగు ముదిరి, చిక్కబడి, గరిటె వెనకవైపు పట్టుకుంటుంది. నాలుక మీద ముందు పులుపు, తర్వాత తాలింపులోని ఎండుమిరపకాయ కారం, మింగాక వెనకాల ఒక వగరు. ఆ వగరే ఉలవచారు. మీగడో వెన్నో వేసుకునేది ఆ వగరుని మెత్తబరచడానికే.

ఇంతసేపు మరిగించే ఓపిక, గ్యాసు ఖర్చు అన్ని హోటళ్ళూ పెట్టుకోవు. కట్టు పల్చగా ఉండగానే దింపేసి, చిక్కదనానికి ఉడికిన ఉలవలే రుబ్బి కలుపుతారు, లేదా మొక్కజొన్న పిండి వేస్తారు. వగరు తక్కువైందని తెలియకుండా బెల్లం ఓ చెయ్యి ఎక్కువ వేస్తారు. తింటే తెలిసిపోతుంది. రుబ్బి కలిపింది నాలుకకి పిండిపిండిగా తగులుతుంది. మొక్కజొన్న పిండి వేసింది చల్లారితే జిగురుగా, జెల్లీలా ఊగుతుంది. బెల్లం దట్టించింది మొదటి ముద్దకే తియ్యగా ఉండి, చివర ఏమీ మిగల్చదు.

నేను రాసిచ్చింది ఇది: "ఉలవచారు. ఉలవల కట్టుని చింతపండు పులుసుతో సన్నసెగ మీద మరిగించి చిక్కబరిచింది. ముదురు గోధుమరంగు. ముందు పులుపు, చివర వగరు. వేడన్నం, మీగడతో."

వాడికి నచ్చలేదు. "వగరు అని రాస్తే ఎవరు కొంటారు పిన్నీ?" అన్నాడు. అసలు గొడవ అక్కడుంది. వగరని రాస్తే, గిన్నెలో వగరు ఉండాలి. లేకపోతే ఆర్డరిచ్చినవాడు పిలిచి అడుగుతాడు, వంటమనిషి సమాధానం చెప్పాలి. "అమ్మ చేతి వంట" అని రాస్తే ఎవరు పట్టుకోగలరు? ఎవరి అమ్మ అని అడుగుతారా? ఈ పొగడ్తలన్నీ పట్టుబడని మాటలు, అందుకే అంత ముద్దు.

ఆ షుగరు ముక్క మాత్రం మర్యాదగా కాదు, గట్టిగానే కొట్టేశాను. మా మామగారికి చాలా ఏళ్ళుగా షుగరు. పోయినేడు ఓ హోటల్లో ఇలాంటి మాటే గోడమీద చదివి, మందే కదా అని ఉలవచారు మూడుసార్లు అన్నంలో కలుపుకున్నారు. అది మొదటి ముద్దకే తియ్యగా ఉన్న రకం. మర్నాటి గ్లూకోమీటరు అంకె ఆయన నాకు చూపించకుండా దాచారంటే మీరే ఊహించుకోండి. ఉలవల్లో మంచి ఉంటే ఉండొచ్చు. గిన్నెడు అన్నం, బెల్లం, మీగడ మధ్య కూర్చున్నాక దాన్ని మందనడం ఏం న్యాయం?

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ఆహార ప్రకటనల మీద నిబంధనలు తెచ్చింది. సహజం, స్వచ్ఛం, తాజా, సంప్రదాయ, అసలైన లాంటి మాటలకి ఒక్కోదానికి షరతులు పెట్టింది. జబ్బు నయం చేస్తుందన్నట్టు రాయడం అసలే కుదరదు. ఇంటర్నెట్లో పెట్టిందీ ప్రకటన కిందికే వస్తుంది. పళ్ళరసాల డబ్బాల మీద నూటికి నూరుపాళ్ళు పళ్ళరసమే అని రాయడం మానమని 2024లో కంపెనీలకి చెప్పిందీ ఈ సంస్థే.

అమెరికాలో డాన్ జురాఫ్‌స్కీ అనే భాషాశాస్త్ర ప్రొఫెసరు వేలకొద్దీ మెనూలు చదివి, 2014లో ఒక పుస్తకం రాశారు. రుచికరం లాంటి ఖాళీ పొగడ్తలు బాగా ఖరీదైన హోటళ్ళ మెనూల్లో తక్కువట, చవక చోట్లే ఎక్కువట. నాకైతే ఆశ్చర్యం వెయ్యలేదు. అసలైన నెయ్యి అని ఎవరైనా రాస్తేనే కదా, మనకి నెయ్యి మీద అనుమానం పుట్టేది!

మన పెద్దవాళ్ళు పేర్లలోనే పని కానిచ్చేశారు. ముద్దపప్పు, పచ్చిపులుసు, ఇగురు, వేపుడు. బందరు లడ్డూకి ఇంకో పేరు తొక్కుడు లడ్డు. శనగపిండి కారప్పూసలా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంతో కలిపి మళ్ళీ రోట్లో తొక్కుతారు. అందుకే పలుకు తగలకుండా నోట్లో వేసుకోగానే కరిగేలా ఉంటుంది. ఆ పేరు పక్కన మైమరపించే అని తగిలించడం ఎందుకు?

అలాగని రుచుల మాటలన్నీ సత్యహరిశ్చంద్రుళ్ళని నేననను. వాడు పెసరట్టు పక్కన "కరకరలాడే" అని రాశాడు. పెనం మీంచి పళ్ళెంలోకి వచ్చిన పెసరట్టు అంచు నిజంగానే కరకరలాడుతుంది. అదే పార్శిల్ డబ్బాలో ఉప్మాతో కలిపి మూతపెట్టి గన్నవరం పంపితే, ఆవిరికి చెమ్మగిల్లి తడిసిన గుడ్డలా అవుతుంది. "అంచు కరకర, మధ్య మెత్తన, ఇక్కడ కూర్చుని తినేవాళ్ళకి" అని మార్చాను. గోంగూర దగ్గర రోటి పచ్చడి అని ఉంటే, రోలు కొన్నావా అని అడిగాను. లేదు, మిక్సీయేనన్నాడు. రోటి తీసేసి "ఎర్రగోంగూర, పులుపెక్కువ, పచ్చి ఉల్లిపాయ నంజుకోడానికి" అని పెట్టాను. ఎర్రది తెల్లదానికంటే పుల్లన, ఆ ముక్క తెలిస్తే పులుపు పడనివాళ్ళు ముందే తప్పుకుంటారు.

పోస్టు నిన్న పెట్టాడు. వగరు ఉంచాడు. రొయ్యల ఇగురు మీద మాత్రం ఇంకా తేలలేదు. "ఈ ఉదయం పట్టిన రొయ్యలు" అని రాస్తానంటాడు. ఫ్రిజ్ తెరిచి చూపించమన్నాను, రేపు మాట్లాడదాం పిన్నీ అని ఫోన్ పెట్టేశాడు.