గ్రేవ్‌మాంట్ ఎక్కడుంది?

యంత్రపు రాతను మరో యంత్రమే పట్టేస్తుందని నమ్మే సంపాదకులు 2025 ఆగస్టులో బయటపడిన మార్గో బ్లాంచార్డ్ ఉదంతాన్ని మరచిపోకూడదు. ఆ పేరుతో వచ్చిన కథనాలను వైర్డ్, బిజినెస్ ఇన్‌సైడర్ ప్రచురించి, తర్వాత తొలగించాయి. అనుమానం వచ్చాక వైర్డ్ తన కథనాన్ని రెండు గుర్తింపు సాఫ్ట్‌వేర్లతో పరీక్షించింది. అది మనిషి రాతే కావచ్చని రెండూ చెప్పాయి!

గుట్టు విప్పింది డిస్పాచ్ సంపాదకుడు జేకబ్ ఫ్యూరెడీ. కొలరాడోలోని గ్రేవ్‌మాంట్ అనే పాత గనుల ఊరి గురించి రాస్తానని ఆమె ప్రతిపాదించింది. ఆయన వెతికితే అలాంటి ఊరే లేదు. వైర్డ్‌కు అనుమానం కలిగింది పారితోషికం దగ్గర: మామూలు చెల్లింపు పద్ధతికి ఆ రచయిత్రి ఒప్పుకోలేదు.

రేపు కామ్‌రేజ్ నుంచి తెలుగు మరమగ్గాల కార్మికుడి గాథ వచ్చిందనుకుందాం. తాపీ నది, 48వ జాతీయ రహదారి, కార్మికుడి కన్నీరు అన్నీ అందులో ఉంటాయి. పటం చూసి అంతమాత్రం ఎవరైనా అల్లగలరు. సంపాదకుడు అడగవలసింది వేరు. ఏ షెడ్డు? మీటరుకు కూలి ఎంత? అతని ఫోన్ నంబరేది? భద్రత కోసం పాఠకులకు పేరు దాచవచ్చు, సంపాదకుడికి దాచడమేమిటి? నంబరు అందాక తానే ఫోన్ చేసి, అచ్చు కాబోయే మాటలను ఆ కార్మికుడికి చదివి వినిపించాలి.

చప్పటి వాక్యాలను మాత్రం నేరంగా చూడరాదు. నిజాయితీపరులైన విలేకరులెందరో అలాగే రాస్తారు. వారి నోటుపుస్తకంలో నంబరు ఉంటుంది. ఆ ఫోన్ చేసే ఉపసంపాదకుడిని ఇంటికి పంపి, సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టే యాజమాన్యం ఏ గ్రేవ్‌మాంట్‌నైనా అచ్చేస్తుంది.