తొమ్మిది ఎక్కువా... పది ఎక్కువా?

మొన్న సెలవులకి వచ్చిన మా మేనల్లుడు చదరంగం బల్ల ముందు కూర్చుని వేళ్ళమీద లెక్కేస్తున్నాడు. ‘ఏనుగుకి అయిదు, ఇంకో ఏనుగుకి అయిదు... మొత్తం పది. మంత్రికి తొమ్మిదే. నా మంత్రినిచ్చి రెండు ఏనుగులూ తీసుకుంటే ఒకటి లాభం కదా అత్తా!’ అన్నాడు. తీసుకున్నాడు కూడా. ఆరేడు ఎత్తులు తిరక్కుండానే అందులో ఒక ఏనుగు పోయింది. వాడి ముఖం చూడాలి!

లెక్క తప్పు కాదు. వాడు చూడనిది, ఆ ఏనుగులు ఎక్కడున్నాయన్నది.

మీ ఇంట్లో బల్ల ఉంటే ఇలా పేర్చి చూడండి. తెల్లరాజు జి1లో, బంట్లు ఎఫ్‌2, జి2, హెచ్‌3లో. నల్లరాజు జి8లో, మంత్రి బి6లో, బంట్లు ఎ6, ఎఫ్‌7, జి7, హెచ్‌6లో. తెల్ల ఏనుగులు ఎ1, ఎ3లో ఒకదాని వెనక ఒకటి. పాయింట్లు కూడండి. తెల్లకి రెండు ఏనుగులూ మూడు బంట్లూ కలిపి పదమూడు. నల్లకి మంత్రీ నాలుగు బంట్లూ కలిపి పదమూడే. సరిసమానం.

కానీ ఎ6లోని నల్లబంటుని చూడండి. దానిమీద రెండు ఏనుగుల గురి ఉంది. కాపలా ఉన్నది మంత్రి ఒక్కటే. ఏనుగు బంటుని తీసుకున్నాక మంత్రి ఆ ఏనుగుని తీసుకుంటే, వెనకున్న రెండో ఏనుగు మంత్రినే పట్టేస్తుంది. బంటు ముందుకు కదిలినా అదే కథ. మంత్రికి ఎంత బలమున్నా ఒక గడికి ఒక్కసారే కాపలా కాయగలదు. జంటగా ఉన్న ఏనుగులు రెండుసార్లు కొట్టగలవు. ఇక్కడ బంటు పోయినట్టే.

ఇప్పుడు మిగతావేవీ కదపకుండా ఏనుగుల్ని మాత్రం మార్చండి. ఒకటి ఎ4లో, ఇంకొకటి ఎఫ్‌5లో పెట్టండి. ఎత్తు నల్లది. పాయింట్లు మళ్ళీ పదమూడూ పదమూడే. మంత్రి నేరుగా బి1కి దిగి చెక్‌ చెబుతుంది. అడ్డం పెట్టడానికి ఏ ఏనుగూ అందదు. రాజుకి హెచ్‌2 తప్ప దారి లేదు. ఈలోగా బి1 నుంచి ఐమూలగా చూడండి... సి2, డి3, ఇ4, ఆపైన ఎఫ్‌5. ఏనుగు అక్కడ ఒంటరిగా నిలబడి ఉంది! రాజు తప్పుకోగానే మంత్రి దాన్ని ఊరికే తీసుకుంటుంది.

అదే ఎ4లోని ఏనుగు ఒక్క గడి ముందుకెళ్ళి ఎ5లో ఉంటే? రెండు ఏనుగులూ ఒకే అడ్డవరసలో ఒకదాన్నొకటి కాచుకునేవి. మంత్రి ఏ ఏనుగుని తీసుకున్నా తిరుగుదెబ్బ తప్పదు. ఒక్క గడి తేడా. పాయింట్ల పట్టికలో మాత్రం అది కనిపించదు.

ఆట మధ్యలో ఈ మార్పిడి ఇంకొంచెం చిక్కుది. అమెరికా ఆటగాడు లారీ కాఫ్‌మన్‌ పెద్ద సంఖ్యలో ఆటల్ని పరిశీలించి 1999లో ఒక వ్యాసం రాశాడు. గుర్రాలూ శకటాలూ అన్నీ పోయాక రెండు ఏనుగులకి సమానం కావాలంటే మంత్రికి తోడు ఒక బంటు అదనంగా ఉండాలన్నాడు. అవి ఇరువైపులా రెండేసి చొప్పునైనా మిగిలి ఉంటే, మంత్రీ రెండు ఏనుగులూ సమానమేనన్నాడు. కారణం ఊహించడం కష్టం కాదు. ఏనుగుకి బంట్లు లేని నిలువు వరస కావాలి. బల్ల నిండా పావులుంటే అది తన బంట్ల వెనకే ఇరుక్కుపోతుంది. మంత్రి మాత్రం ఐమూలగా జారుకుంటుంది. పైగా గుర్రాన్నో శకటాన్నో తోడు తీసుకుని రాజు మీద పడుతుంది.

అందుకే మార్పిడికి ముందు మూడు సంగతులు చూసుకోవాలి. మన రాజు బంట్ల చాటున ఉన్నాడా, లేక వరసగా చెక్‌లు తగిలేలా ఉన్నాడా? రెండు ఏనుగులూ ఒకే వరసలోకి రావడానికి ఎన్ని ఎత్తులు కావాలి? అవి కలిశాక గురిపెట్టడానికి ఎదుటివైపు కదల్లేని బంటు ఏదైనా ఉందా? ఇందులో రెండోది అసలు కీలకం. ఏనుగులు కలవడానికి మూడు ఎత్తులు పడితే, ఆ మూడు ఎత్తులూ మంత్రివే. ఆ కాస్త సమయంలోనే చెక్‌ చెప్పి ఒంటరి ఏనుగుని ఎత్తుకుపోతుంది. ఆ గండం గడిచి ఏనుగులు కలిశాయంటే, ఇక కాపలా తిప్పలు మంత్రివి.

మేనల్లుడికి పై రెండు అమరికలూ పేర్చి చూపించాను. కాసేపు కదలకుండా చూశాడు. మర్నాడు ఆటలో మళ్ళీ అదే అవకాశం వచ్చింది. వాడి వేళ్ళు లెక్కపెట్టలేదు. ఒక ఏనుగు నుంచి రెండోదాని దాకా గీత గీస్తున్నట్టు బల్లమీద నెమ్మదిగా కదిలాయి. మధ్యలో సొంత గుర్రం అడ్డొచ్చింది. ‘ఇప్పుడు కాదు’ అని ముందు గుర్రాన్ని జరిపాడు.