బీరు కిడ్నీలను కడగదు

మద్యం గురించి మన దగ్గర రెండు నమ్మకాలు బాగా పాతుకుపోయాయి. మందు దెబ్బకొట్టేది లివర్‌నే, కిడ్నీల జోలికి పోదన్నది మొదటిది. కిడ్నీలకు అది చెడు చేయకపోగా మేలే చేస్తుందన్నది రెండోది. కిడ్నీలో రాయి ఉందని స్కానింగ్‌లో తేలిన మనిషికి 'రోజుకో బీరు కొట్టు, అదే పడిపోతుంది' అని సలహా ఇచ్చేవాళ్లకు ఎక్కడా కొదవ లేదు. తాగిన పూట మూత్రం తేటగా, ధారగా, మాటిమాటికీ రావడమే వాళ్లు చూపించే సాక్ష్యం. ఈ రెండు నమ్మకాలూ తప్పే. అయినా ఇన్నాళ్లు నిలబడ్డాయంటే అందుకు కారణం ఉంది. అతిగా తాగేవాడి కిడ్నీకి జరిగే నష్టంలో ఎక్కువ భాగం నేరుగా జరగదు. బీపీ పెరగడం వల్ల, ఒంట్లో నీరు తగ్గడం వల్ల, లివర్ చెడిపోవడం వల్ల జరుగుతుంది. అందుకే ఆస్పత్రి కాగితాల్లో బీపీ అనో, వాంతులూ నీరసమూ అనో, కామెర్లు అనో రాసి ఉంటుంది తప్ప సీసా పేరు ఎక్కడా కనిపించదు.

ముందు మూత్రం సాక్ష్యాన్నే పరీక్షిద్దాం. ఆరోగ్యంగా ఉన్న రెండు కిడ్నీలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పోతుంది. మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది. చివరి దశలో ఎంత నీటిని వెనక్కి తీసుకోవాలో చెప్పేది మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే వాసోప్రెసిన్ అనే హార్మోను. మద్యం ఆ హార్మోనును అణిచేస్తుంది. ఆజ్ఞ అందని కిడ్నీ, దాచుకోవాల్సిన నీటిని వదిలేస్తుంది. అంటే తాగినప్పుడు అదనంగా వచ్చే మూత్రం ఒంటికి పనికొచ్చే నీరే. క్రియాటినిన్ లాంటి వ్యర్థాలు బయటికి పోవడం వడపోత మీద ఆధారపడి ఉంటుంది. మూత్రం ఎక్కువైనంత మాత్రాన ఆ వడపోత పెరగదు. ఆనకట్ట తలుపులు ఎత్తేస్తే నిల్వ నీరు పోతుంది గానీ అడుగున పేరుకున్న పూడిక పోదు కదా. కడిగినట్టు కనిపించేదంతా కడగడం కాదు.

ఆ పోయే నీరు ఎంతో లెక్క వేయవచ్చు. ఒక గ్రాము ఆల్కహాల్‌కు సుమారు 10 మిల్లీలీటర్ల మూత్రం అదనంగా వస్తుందని 1942లోనే ఎగిల్టన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాల్లో గమనించారు. మన దుకాణాల్లో దొరికే విస్కీ, బ్రాందీలలో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో దాదాపు 61 గ్రాములు. ఆ లెక్కన అదనపు మూత్రం 600 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. క్వార్టర్‌లో మరో 300 మిల్లీలీటర్ల నీళ్లు కలుపుకుని తాగినా లోపలికి వెళ్లినది 480 మిల్లీలీటర్లే. మామూలుగా వచ్చే మూత్రాన్ని, చెమటను కలపకముందే లెక్క లోటులో పడింది. బీరులో నీరే ఎక్కువ కాబట్టి ఒక సీసాతో ఇంత లోటు రాదన్న మాట నిజమే. ఒళ్లు బాగా ఎండిపోతే కిడ్నీ కొంత సర్దుకుని నీటిని పట్టి ఉంచుతుందన్నదీ నిజమే. కానీ అతిగా తాగేవాళ్ల సాయంత్రం ఒక్క సీసాతో ఆగదు. తిండి సరిగా తినకపోవడం, వాంతులు, తెల్లారాక కూడా నీళ్లు తాగబుద్ధి కాకపోవడం దానికి తోడవుతాయి.

మే నెలలో స్లాబు పనికి వెళ్లే మనిషి విషయంలో ఇది ఎలా సాగుతుందో చూడండి. పగలంతా ఎండలో చెమట పోసింది. రాత్రి క్వార్టర్ పడింది. తెల్లారి తలనొప్పి, ఒళ్లు నొప్పులు. మందుల షాపులో చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ బిళ్ల దొరుకుతుంది. అది వేసుకుని మళ్లీ పనికి పోతాడు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల సాయంతో తనలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచుకుంటుంది. ఆ పదార్థాలు తయారు కాకుండా ఆపడమే నొప్పి బిళ్ల చేసే పని. దాంతో నాళం బిగుసుకుంటుంది, వడపోత పడిపోతుంది. రెండు రోజుల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా వైద్యులు దాన్ని కిడ్నీకి హఠాత్తుగా తగిలిన దెబ్బగానే లెక్కిస్తారు. చాలాసార్లు సెలైన్‌తో, బిళ్లలు ఆపడంతో కోలుకుంటాడు. 'ఎండదెబ్బ, తగ్గిపోయింది' అంటారు. అయితే ఇలాంటి దెబ్బలు పదేపదే తగిలిన కిడ్నీకి దీర్ఘకాలిక జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఈ వరసలో మద్యం పాత్రను ఎవరూ రాసుకోరు, ఎవరూ అడగరు.

రెండో దారి బీపీ. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఫ్రెంచ్ సైనికుల్లో వైన్ విపరీతంగా తాగేవాళ్లకు బీపీ ఎక్కువగా ఉందని కామీ లియాన్ అనే వైద్యుడు 1915లోనే ప్రకటించాడు. దీనికి మన దగ్గర వచ్చే ఎదురు వాదన ఒకటే: 'తాగాక చూపించుకుంటే బీపీ తగ్గే ఉంది.' ఉంటుంది. ప్రయోగాలన్నిటినీ కలిపి 2020లో కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష ప్రకారం 30 గ్రాములకు మించి ఆల్కహాల్ తాగితే మొదటి 12 గంటల్లో బీపీ తగ్గుతుంది. 13 గంటలు దాటాక మామూలు కంటే పెరుగుతుంది. రాత్రి 9 గంటలకు తాగినవాడికి మర్నాడు పొద్దెక్కాక పెరుగుతుందన్నమాట. రోజూ తాగేవాడికి ప్రతి పగలూ అలాంటి మర్నాడే. మరి తగ్గిస్తే ఏమవుతుంది? 2017లో వచ్చిన మరో సమీక్షలో, రోజుకు ఆరు పెగ్గులకు పైగా తాగేవాళ్లు అందులో సగం మానేస్తే పై బీపీ సగటున ఐదున్నర పాయింట్లు దిగింది. రెండు పెగ్గుల లోపు తాగేవాళ్లు తగ్గించినప్పుడు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎంత ఎక్కువ తాగుతున్నాడో అంత ఎక్కువ దిగింది కాబట్టి, బీపీ పెంచుతున్నది మద్యమేనని దీనితో తేలిపోయింది.

బీపీతో కిడ్నీకేం పని అని అడిగేవాళ్లున్నారు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నని రక్తనాళాల చుట్టలు ఉంటాయి. వడపోత జరిగేది వాటిలోనే. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడితో రక్తం తగులుతుంటే వాటిలోకి వచ్చే నాళాల గోడలు మందమవుతాయి, చుట్టలు ఒక్కొక్కటిగా గట్టిపడి మూసుకుపోతాయి. మిగిలినవి అదనపు బరువు మోస్తాయి కాబట్టి చాలాకాలం ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, మూత్రం బాగానే వస్తుంది. వడపోత దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ కూడా మామూలు హద్దుల్లోనే కనిపించవచ్చు. ముందుగా బయటపడేది మూత్రంలో కారే అల్బుమిన్. 'నాకు మూత్రం బ్రహ్మాండంగా వస్తోంది, కిడ్నీలు బాగున్నట్టే' అనుకునే మనిషి చూడకూడని కొలమానాన్ని చూస్తున్నాడు.

ఇక లివర్. 'పోతే లివర్ పోతుంది, కిడ్నీలకేం' అన్న మాటకు గట్టి జవాబు ఇక్కడే ఉంది. సిరోసిస్‌తో లివర్ గట్టిపడినప్పుడు పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి చాలక అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, కడుపు లోపలి రక్తనాళాలు సడలి రక్తమంతా అక్కడే నిలిచిపోతుంది. మిగతా శరీరానికి రక్తం చాలనట్టు అనిపించి, దాన్ని సరిదిద్దే హార్మోన్లు కిడ్నీ నాళాలను బిగించేస్తాయి. పొట్టలో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి, మూత్రం మాత్రం తగ్గిపోతుంది. దీని తీవ్రరూపాన్ని హెపటోరీనల్ సిండ్రోమ్ అంటారు. చికిత్స అందకపోతే సగం మంది రెండు వారాలు కూడా బతకరు. విచిత్రమేమిటంటే ఆ కిడ్నీలలో జబ్బు ఉండదు. ఇలా చనిపోయినవాళ్ల కిడ్నీలను వేరేవారికి అమరిస్తే అవి చక్కగా పనిచేశాయని 1969లో అమెరికా వైద్యులు చూపించారు. బాగున్న కిడ్నీలను చెడిన లివర్ ఆపేసిందన్నమాట. పైగా సిరోసిస్ రోగికి కండ కరిగిపోయి ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది. రిపోర్టులో 1.2 చూసి ఫరవాలేదనుకుంటే అసలు పరిస్థితి అంతకంటే ఎంతో అధ్వానంగా ఉండవచ్చు.

ఇప్పుడు ఎదుటివాళ్ల దగ్గరున్న బలమైన వాదనకు వద్దాం. బీరు తాగేవాళ్లలో రాళ్లు తక్కువని చెప్పే అధ్యయనాలు లేకపోలేదు. అమెరికాలో 45 వేల మంది మగవాళ్ల మీద జరిగి 1996లో వెలువడిన పరిశీలనలో రోజుకు ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల బీరుకు రాళ్ల ముప్పు 21 శాతం తక్కువగా కనిపించింది. అది చెప్పింది రాయి పుట్టే అవకాశం గురించి, పుట్టిన రాయిని దించడం గురించి కాదు. అక్కడ కొలత గ్లాసు, ఇక్కడి కొలత 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసా. పైగా బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, రాళ్లలో ఒక రకానికి ముడిసరుకే అది. మూత్రం పలచబడటమే కావాలంటే అందుకు మంచినీళ్లున్నాయి. అదే 1996లో ఇటలీలో రాళ్ల రోగులను రెండు జట్లుగా చేసి ఒక జట్టు చేత మూత్రం రోజుకు రెండు లీటర్లు వచ్చేలా నీళ్లు తాగించారు. ఐదేళ్లలో వారిలో 12 శాతం మందికి, మిగతావారిలో 27 శాతం మందికి రాళ్లు తిరగబెట్టాయి. నీళ్లతో దొరికే ఫలితానికి బీపీని, లివర్‌ను పణంగా పెట్టాల్సిన పని లేదు.

తాగే వైద్యుల్లో కిడ్నీ జబ్బు పెరగలేదని 2005లో వచ్చిన మరో అధ్యయనాన్నీ చూపిస్తారు. సుమారు 11 వేల మందిని 14 ఏళ్లు గమనించిన పని అది, తీసిపారేయదగ్గది కాదు. అయితే అందులో అందరికంటే ఎక్కువ తాగేవాళ్లుగా లెక్కించినది వారానికి ఏడు పెగ్గులు, ఆ పైన తాగినవాళ్లను. రోజుకొక పెగ్గు మనిషినీ క్వార్టర్ మనిషినీ ఒకే గంపలో వేస్తే రెండోవాడి సంగతి తేలదు. రోజుకు నాలుగు, ఆ పైన తాగేవాళ్లను విడిగా చూసిన 2006 నాటి అమెరికా పరిశీలనలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముప్పు సుమారు రెట్టింపు కనిపించింది. సీసా ముట్టని ఆడవాళ్లకూ ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయి కదా అంటారు కొందరు. కిడ్నీ జబ్బులన్నిటికీ మద్యమే కారణమని నా వాదన కాదు. వేరే కారణాలు ఉన్నంత మాత్రాన ఈ కారణం మాసిపోదన్నదే.

కాబట్టి మారాల్సింది లెక్క రాసే పద్ధతి. బీపీ ఉందని వచ్చిన మనిషిని ఉప్పు గురించి అడిగినట్టే మద్యం గురించి, ఎన్ని మిల్లీలీటర్లో అడగాలి. తాగే మనిషి బీపీని రాత్రి కాక మర్నాడు మధ్యాహ్నం చూడాలి. క్రియాటినిన్ ఒక్కటే చూసి పంపకుండా మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించాలి. తాగిన మర్నాడు నొప్పి బిళ్ల అడిగినవాడికి ముందు నీళ్లు, ఓఆర్‌ఎస్ గుర్తుచేయాలి. ఇవేవీ ఖరీదైన పనులు కావు. రాయి ఉన్నవాడికి బీరు రాసిచ్చే ఉచిత వైద్యానికి మాత్రం బిల్లు ఆలస్యంగా వస్తుంది, అదీ డయాలసిస్ రూపంలో రావచ్చు.