గడి పేరు ఒక్కటే తెలుగులో రాస్తే చాలదు

అమెరికా ఎయిర్‌పోర్టులో తీసిన ఫొటో ఒకటి ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపాడు. అది కస్టమ్స్ డిక్లరేషన్ ఫారం, నంబర్ 6059బి. కూతురి దగ్గరికి వెళ్తున్న మా పెద్దమ్మ, పెదనాన్నల కోసం దాన్ని నేను తెలుగులో పెట్టాలి. గడి పేర్లే కదా అని అరగంటలో మాటకు మాట రాసిచ్చేశా. ప్రయాణానికి ముందు పెద్దమ్మ చేత పెన్సిల్‌తో నింపిస్తే తెలిసింది, నా తెలుగులో తప్పేం లేదు గానీ అది పనికిరాదని.

మొదట పుట్టిన తేదీ. ఆగస్టు 5ని మన అలవాటు ప్రకారం 05-08 అని వేసింది. ఫారంలో ముందు నెల రాయాలి, కాబట్టి అది మే 8 అయిపోయింది. తర్వాత 'మీతో ప్రయాణిస్తున్న కుటుంబ సభ్యుల సంఖ్య'. కుటుంబానికి ఒకటే ఫారం, సంతకం పెట్టేవాళ్లు లెక్కలోకి రారు. ఆమె 2 వేసింది, రాయాల్సింది 1.

అసలు చిక్కు 11వ ప్రశ్న దగ్గర వచ్చింది. అక్కడి 'ఫుడ్'ను నేను 'ఆహారం' అని రాశా. పెద్దమ్మ 'లేదు' దగ్గర టిక్ పెట్టింది. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు ఉన్నాయి మరి! "ఆహారమంటే అన్నం, కూర కదరా, పచ్చడి కూడా చెప్పాలా?" అంది. చెప్పాలి. 'అవును' అంటే లాక్కుంటారని చాలామంది భయం. ఆఫీసర్ చూసి, అనుమతి ఉన్నవాటిని పంపేస్తారు. ఉండీ లేదంటేనే జరిమానా. మాంసానికి వేరే గడి ఉంది, చికెన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే ఆపించాను.

అదే ప్రశ్నలో 'మట్టి తెస్తున్నారా, లేక పొలానికి వెళ్లారా' అని ఒకే గడిలో రెండు అడుగుతారు. పెదనాన్న మట్టి దగ్గరే ఆగిపోయి 'లేదు' అన్నారు. ముందురోజే పొలం వెళ్లొచ్చిన మనిషి! పశువులను ముట్టుకున్నారా అన్నది ఆ కిందే, 12వ ప్రశ్న. గేదె పాలు పితికే పెద్దమ్మకు అదీ 'అవును'.

చివరి 15వ గడిలో సామాను విలువ అడిగితే, చేతి గాజులతో సహా మొత్తం కూడేసింది. సందర్శకులు రాయాల్సింది అమెరికాలోనే ఉండిపోయే వస్తువుల విలువ, అంటే మనవరాలికి పట్టుకెళ్లే బట్టలు, బహుమతుల లెక్క. తిరిగొచ్చే నగలు అందులోకి రావు.

ఇప్పుడు చాలాచోట్ల కాగితం ఇవ్వకుండా ఆఫీసరే నోటితో ఇలాంటివి అడుగుతున్నారు. అప్పుడు దిద్దుకునే టైమ్ కూడా ఉండదు. అనువాద ఉద్యోగాలకు శాంపిల్ పంపే మనవాళ్లలో చాలామంది నేను మొదట చేసిందే చేస్తారని నా అనుమానం. రెండోసారి నేను 'ఆహారం' కొట్టేసి, 'తినేది ఏదైనా: పచ్చళ్లు, పొడులు, స్వీట్లు కూడా' అని రాశా. గడి చిన్నదైపోయింది, అందుకే ఫొటో పక్క మార్జిన్‌లో బాణం గుర్తేసి పెట్టాను. పెద్దమ్మ ఈసారి అడక్కుండానే 'అవును' దగ్గర టిక్ పెట్టింది.