ఇంట్లోనూ దాగవలసిన మనిషి

తెలుగులో ప్రేమించిన మనిషి గురించి ఒక్క వాక్యం చెప్పినా క్రియాపదమే గుట్టు విప్పుతుంది: 'వచ్చాడు' లేదా 'వచ్చింది'. అందుకే స్వలింగ ప్రేమను దాచుకునేవారికి 'వచ్చారు' అన్న గౌరవవాచకమే చాటు.

అనంతపురం కరువు పల్లె నుంచి బెంగళూరు కొలువుకు వెళ్లిన దళిత యువకుణ్ణి తలచుకోండి. అద్దె ఇంటి కోసం కులాన్ని దాచినవాడు ఆఫీసులో తోడునూ దాచాలి. ఆదివారం ఏం చేశావన్న మామూలు ప్రశ్నకు ఒక కల్పన. అది మళ్లీ తడబడకుండా గుర్తుంచుకునే శ్రమ. ఏళ్ల తరబడి సాగే ఈ కాపలానే మనిషిని అరగదీస్తుంది. మనస్తత్వవేత్త ఇలాన్ మేయర్ 2003లో వివరించిన 'మైనారిటీ ఒత్తిడి'లో దాచుకోవడం కూడా ఒక భాగం.

అయితే ఒక తేడా ఉంది. కులాన్ని దాచినవాడు ఇంటికి చేరితే ఊపిరి పీల్చుకోగలడు. తల్లిదండ్రులదీ అదే కులం, అదే గాయం. ఇతనికి ఆ ఇల్లే మరో కాపలా. వేరుశనగ అప్పుల మధ్య అతని జీతమే ఆధారం. అమ్మ కులంలోనే సంబంధం చూసింది. కులాన్ని నిలబెట్టేది ఈ సంబంధాలేనని వేదికల మీద చెప్పే మనం, ఆ పెళ్లిపీటల మీద మూగబోయినవారి గురించి అంతగా మాట్లాడలేదు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఏకాంతంలోని ప్రేమను నేరం నుంచి తప్పించింది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కును నిరాకరించింది. ఉద్యోగ వివక్షను నిషేధించిన 2019 చట్టం ట్రాన్స్‌జెండర్లకు మాత్రమే. ఈ యువకుణ్ణి ప్రైవేటు యజమాని అందుకే తీసేస్తే, పేరు పెట్టి చూపగల చట్టమేదీ అతని చేతిలో లేదు.