బడికి రాని రోజు పాఠం: ‘కరెంట్’ అంటే ఏది?

మా పదో తరగతిలో ఒకమ్మాయి జ్వరంతో వారం రోజులు బడికి రాలేదు. ఆ వారంలోనే విద్యుత్తు పాఠం అయిపోయింది. తిరిగొచ్చాక చదువుకోవడానికి నేను రాసిచ్చిన సారాంశమే ఆమెకు ఆధారం. యూనిట్ పరీక్షలో ఆమె ఇలా రాసింది: “ప్లగ్ పాయింట్‌లో ఏ పరికరమూ పెట్టకపోయినా విద్యుత్ ప్రవాహం ఉంటుంది.” తప్పని కొట్టేసి మార్కు తీశాను. ఇంటికి వెళ్లేటప్పుడు గుడియాత్తం నుంచి వేలూరు బస్సులో నా సారాంశం కాగితం తీసి చూస్తే, ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. తప్పు అమ్మాయిది కాదు, నాది.

ఆ తప్పు ఎలా వచ్చిందో చెప్తాను. తెలుగు మాధ్యమంలో పాఠం చెప్పే మాలాంటి చాలామందికి ఇది పనికొస్తుంది.

నా తరగతి భాష కలగలుపు భాష. పుస్తకంలో ‘నిరోధం’ ఉంటుంది, నా నోట ‘రెసిస్టెన్స్’ వస్తుంది. పదకొండో తరగతిలో మా పిల్లల్లో చాలామంది ఇంగ్లిష్ మాధ్యమానికి పోతారు కనుక ఆ మాట చెవిన పడాలని నేనే కావాలని వాడతాను. రాని పిల్లల కోసం పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేస్తాను. నలభై నిమిషాల పాఠాన్ని ఒక విద్యార్థి విని, విన్నది విన్నట్టు కాగితం మీద పెడతాడు. దాన్ని నేను సరిచేసి ఒకటిన్నర పేజీకి తెస్తాను.

ఆ రోజు నేను క్లాసులో అన్నది ఇది: “స్విచ్ వేసి ఉంటే, ఏమీ పెట్టకపోయినా ప్లగ్ పాయింట్‌లో కరెంట్ ఉంటుంది, వేలు పెట్టకండి.” పిల్లలందరికీ అర్థమైంది. ఎందుకంటే మనం ‘కరెంట్ పోయింది’ అంటాం, మన పక్కింటి తమిళులూ ‘కరెంట్ పోచ్చు’ అంటారు. ఇళ్లల్లో ఆ మాటకు అర్థం సరఫరా. ఆ తర్వాత పది నిమిషాలకు అదే మాటను “కరెంట్ ఈక్వల్ టు వోల్టేజ్ బై రెసిస్టెన్స్” అన్నప్పుడు భౌతికశాస్త్రపు అర్థంలో వాడాను. సారాంశం రాసేటప్పుడు ఇంగ్లిష్ మాటలన్నీ ఏరి, కరెంట్ కనబడిన ప్రతిచోటా ‘విద్యుత్ ప్రవాహం’ అని మార్చేశాను. రెండోచోట అది సరైన మాట, మొదటిచోట అబద్ధం. వలయం పూర్తి కాకపోతే ప్రవాహం లేదు. ఖాళీ ప్లగ్ పాయింట్‌లో ఉన్నది పొటెన్షియల్ భేదం మాత్రమే, అంటే వోల్టేజ్. వేలు పెడితే మన ఒంటి గుండా నేలకు దారి దొరుకుతుంది, ప్రవాహం అప్పుడు మొదలవుతుంది. క్లాసులో కూర్చున్న పిల్లలకు నా చెయ్యి, నా గొంతు ఆ తేడా చెప్పాయి. కాగితానికి చెయ్యీ లేదు, గొంతూ లేదు.

అందుకే ఇప్పుడు నా అభిప్రాయం మారింది. సరిచేయడమంటే ఇంగ్లిష్‌ను తీసేయడం కాదు, రెండర్థాలు తీసేయడం. ‘రెసిస్టెన్స్’ మాటనే చూడండి. “రెండు రెసిస్టెన్స్‌లు తీసుకున్నాం” అంటే అక్కడ అది వస్తువు, తెలుగులో నిరోధకం. “దాని రెసిస్టెన్స్ రెండు ఓమ్‌లు” అంటే అది ఆ వస్తువు గుణం, తెలుగులో నిరోధం. నోటిమాటలో రెండింటికీ ఒకే మాట సరిపోయింది, రాతలో సరిపోదు. ఇప్పుడు ప్రతి పారిభాషిక పదాన్నీ మొదటిసారి రెండు భాషల్లోనూ ఇస్తాను: ‘నిరోధం, అంటే రెసిస్టెన్స్’. ఆ తర్వాత చివరిదాకా పుస్తకంలోని తెలుగు మాటే. స్విచ్, బల్బు, బ్యాటరీ వంటివి అలాగే ఉంచుతాను, వాటితో ఎవరికీ చిక్కు లేదు.

రెండో ప్రమాదం, మనం క్లాసులో మనల్ని మనమే దిద్దుకునే చోట ఉంటుంది. అదే పాఠంలో 2 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధకాలను సమాంతరంగా కలిపే లెక్క చేశాం. రాతప్రతిలో ఇలా ఉంది: “వన్ బై టూ ప్లస్ వన్ బై త్రీ, ఫైవ్ బై సిక్స్ వచ్చింది. అంతే. ఆ, కాదు, ఇది తిప్పాలి కదా, ఇదిగో చూడండి, సిక్స్ బై ఫైవ్.” తొందరలో కుదించేవాళ్లు ‘అంతే’ దగ్గర ఆగిపోతారు, జవాబు 5/6 ఓమ్ అని రాస్తారు. సమాంతర సంధానంలో ఫలిత నిరోధం చిన్నదానికంటే తక్కువ ఉండాలన్న సూత్రంతో సరిచూసినా ఇది దొరకదు, 5/6 కూడా 2 కంటే తక్కువే. లెక్కను ఇంకో దారిలో చేయాలి. 6 వోల్టుల బ్యాటరీ పెడితే 2 ఓమ్‌ల దారిలో 3 ఆంపియర్లు, 3 ఓమ్‌ల దారిలో 2 ఆంపియర్లు, మొత్తం 5 ఆంపియర్లు. 6ను 5తో భాగిస్తే 1.2 ఓమ్‌లు. సారాంశంలో చివరకు నిలిచినదే రాయాలి:

1/R = 1/2 + 1/3 = 5/6, కనుక R = 6/5 = 1.2 ఓమ్‌లు

నా పొరపాటును మాత్రం ఒక వాక్యంలో ఉంచేస్తాను: “5/6 వచ్చాక తిప్పడం మరవద్దు.” నేను జారినచోటే పిల్లలూ జారతారు.

ఇక “ఇదిగో చూడండి” అన్న మాట. ఆ ‘ఇది’ బోర్డు మీద ఉంది, రికార్డులో లేదు. అందుకని బోర్డు తుడిచే ముందు ఫోటో తీసుకుంటున్నాను. సరిచేసే పని కూడా అదే రోజు సాయంత్రం ముగిస్తాను. రెండు రోజులు గడిస్తే ఏ ‘ఇది’ ఏ గీతో నాకే గుర్తుండదు. తెలివైన విద్యార్థి రాతప్రతి తయారు చేయవచ్చు గానీ, ఏ ‘కరెంట్’ ఏ అర్థంలో అన్నదో తేల్చాల్సింది పాఠం చెప్పిన టీచరే. ఆ పనిని పిల్లల మీద వదిలేయడం సరికాదని నా గట్టి నమ్మకం.

సారాంశం బాగుందో లేదో క్లాసుకు వచ్చిన పిల్లలను అడిగితే తెలియదు. వాళ్లు ఖాళీలను జ్ఞాపకంతో నింపుకుంటారు. రాని పిల్లలకే ఇచ్చి, అందులో లేని ఒక లెక్క అడగాలి. 4 ఓమ్‌లు, 12 ఓమ్‌లు సమాంతరంగా ఉంటే ఎంత? 3 అంటే కాగితం పని చేసింది. 1/3 అంటే తిప్పే మెట్టు నా రాతలో సరిగా లేదన్నమాట, మళ్లీ రాయాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి కాగితం ఇంటికొస్తే మీకు సైన్సు రానక్కర్లేదు. “ఇందులో కరెంట్ అంటే ఏంది, వోల్టేజ్ అంటే ఏంది, ఇంట్లో మాటల్లో చెప్పు” అని అడగండి. పిల్లలు తడబడితే ఆ వాక్యం కింద గీత గీసి బడికి పంపండి. మా అమ్మాయికి ఆ మార్కు తిరిగి ఇచ్చాను. ఆ వాక్యం కింద ముందే ఎవరైనా గీత గీసి పంపివుంటే, ఆమె తప్పు నేర్చుకునేదే కాదు.