పేరు సరిగ్గానే రాశాం, డబ్బు మాత్రం వేరే ఇంటికెళ్లింది

బ్యాంకు నుంచి డబ్బు పంపేటప్పుడు మనలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. అకౌంటు నంబరులో ఒక అంకె తప్పు పడినా, పేరు కలవకపోతే బ్యాంకే ఆపేస్తుందిలే అని. ఆ ధీమా పనికిరాదు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ లాంటి వాటిలో అకౌంటు నంబరు ఒక్కటే చూసి జమ చేయవచ్చని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవాళ్లదే.

తప్పు నంబరు ఎవరిదీ కాకపోతే మన అదృష్టం. అలాంటి అకౌంటే లేకపోతే డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. నెఫ్ట్‌లో అయితే మామూలుగా రెండు గంటల్లో వచ్చేయాలి. ఆ నంబరు నిజంగా ఇంకొకరిదైతేనే చిక్కు.

మా తోటికోడలి విషయంలో జరిగింది అదే. ఊళ్లో ఇంటి ప్రహరీ కట్టిన మేస్త్రీకి నెఫ్ట్‌లో 45 వేలు పంపింది. ఫోన్లో వచ్చిన పాస్‌బుక్ ఫొటో చూసి నంబరు కొట్టేటప్పుడు చివర్లో రెండు అంకెలు తారుమారయ్యాయి. పేరు మేస్త్రీదే, బ్రాంచీ కోడు సరైనదే. డబ్బు జమ అయినట్టు మెసేజ్ కూడా వచ్చింది. సాయంత్రం మేస్త్రీ "ఇంకా పడలేదమ్మా" అంటే గానీ విషయం తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే తన బ్యాంకుకు వెళ్లింది. పంపిన తేదీ, మొత్తం, పొరపాటున కొట్టిన నంబరు, పంపాల్సిన నంబరు, మెసేజ్‌లో ఉన్న యూటీఆర్ నంబరు రాసి అర్జీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకుంది. ఆ యూటీఆర్ నంబరుతోనే రెండు బ్యాంకులూ ఆ లావాదేవీని పట్టుకుంటాయి. ఈ బ్యాంకు ఆ బ్యాంకుకు రాసింది. ఆ బ్యాంకు తన ఖాతాదారుకు కబురు పెట్టింది. ఆయన ఫోను పెద్దగా వాడని పెద్దాయన. బ్రాంచీకి వచ్చి సంతకం పెట్టేసరికి పదకొండో రోజయింది. అప్పుడు గానీ డబ్బు తిరిగి రాలేదు.

ఆ పదకొండు రోజులూ ఇంట్లో అందరిదీ ఒకటే మాట. "తప్పు నంబరని తెలిసిపోయింది కదా, బ్యాంకు లాగేసుకోవచ్చుగా?" నా అభిప్రాయం వేరు. ఎవరో వచ్చి పొరపాటున పంపామని చెప్పగానే బ్యాంకు మన అకౌంటులోంచి 45 వేలు తీసేస్తే మనం ఊరుకుంటామా? ఆ పెద్దాయన సంతకం కోసం ఆగేలా చేసిన పద్ధతే రేపు మన పొదుపు డబ్బునూ కాపాడుతుంది. అందుకే వెనక్కి ఇప్పించమని మనం ఇచ్చే అర్జీ ఒక విన్నపమే, బ్యాంకుకు ఇచ్చే ఆజ్ఞ కాదు. అవతలివాళ్ల పేరు, ఫోను నంబరు కూడా బ్యాంకు మనకు చెప్పదు.

కాబట్టి మన చేతిలో ఉన్నది తొందర ఒక్కటే. అవతలివాళ్లు ఖర్చు పెట్టకముందే కబురు చేరితే, వాళ్ల బ్యాంకు ఆ మొత్తాన్ని కదలకుండా ఆపి ఉంచే అవకాశం ఉంటుంది. అకౌంటు ఖాళీ అయ్యాక ఆపడానికి ఏమీ మిగలదు. తెలిసిన వెంటనే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, ఆ తర్వాత బ్రాంచీలో కాగితం ఇవ్వాలి.

వాళ్లు ఇవ్వమంటే? పొరపాటున చేరిన డబ్బు తిరిగి ఇచ్చి తీరాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. కానీ అది కోర్టు దారి. 45 వేల కోసం లాయరు ఫీజూ వాయిదాలూ భరించగలమా అన్నది ఇంటింటి లెక్క. మన బ్యాంకే అర్జీని పక్కన పడేసి 30 రోజులు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే అది బ్యాంకు నిర్లక్ష్యం మీద ఫిర్యాదు, అవతలి మనిషి మీద కాదు.

ఇప్పుడు కాస్త మేలైన రోజులొచ్చాయి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో నంబరు కొట్టగానే ఆ అకౌంటు ఎవరిదో పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 కల్లా ఇవ్వాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు చెప్పింది. అక్కడ కనిపించే పేరు మనం టైపు చేసింది కాదు, బ్యాంకు రికార్డులో ఉన్నది. దాన్ని చదవకుండా ముందుకు నొక్కకండి. పేరు చూపించని చోట ముందు ఒక్క రూపాయి పంపి, చేరిందని వాళ్ల నోటితో విన్నాకే మిగతాది పంపండి.

ఇక మన అకౌంటులోనే తెలియని డబ్బు పడితే? ఎవరో ఫోన్ చేసి "మా డబ్బండీ, ఈ నంబరుకు వేసేయండి" అంటే వేయకండి. అది మోసగాళ్ల ఎత్తు కూడా కావచ్చు. మన బ్యాంకుకు చెప్పి, బ్యాంకు ద్వారానే వచ్చిన అకౌంటుకే తిప్పి పంపండి. ఆ డబ్బు మాత్రం ఖర్చు పెట్టకండి.